27 పౌండ్ల గట్ ఎవరి చేతికి నప్పుతుంది?

బరంపురంలోనో పర్లాకిమిడిలోనో బ్యాడ్మింటన్ రాకెట్‌కు గట్, అంటే తీగలు, బిగించే కొట్టులో రాకెట్ అందించగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, ఒడియాలో అడిగినా తెలుగులో అడిగినా, ఒకటే: "ఎంత పెట్టమంటారు?" జవాబు కూడా ఈ మధ్య 26, 27 పౌండ్ల బిగువు దగ్గరే తిరుగుతోంది. అంతర్జాతీయ క్రీడాకారులు 28 నుంచి 32 పౌండ్ల దాకా బిగిస్తారని ఎవరో చెబుతారు. వాళ్లకన్నా ఓ నాలుగు తగ్గించుకుంటే మనకు సరిపోతుందన్నది లెక్క కాబోలు. ఆ లెక్కలో పొరపాటు ఎక్కడుందో తెలియాలంటే ముందు గట్ చేసే పని ఏమిటో చూడాలి.

27 పౌండ్లంటే 12 కిలోల పైచిలుకు. రాకెట్‌లో నిలువు తీగలు సాధారణంగా 22, అడ్డతీగలు కూడా దాదాపు అన్నే ఉంటాయి. ప్రతి వరుసనూ 12 కిలోల బరువు వేలాడదీసినంత బలంతో లాగి బిగిస్తారు. 90 గ్రాములైనా తూగని చట్రం ఈ లాగుడంతా భరిస్తూ నిలబడాలి. పిడి పైభాగాన ఉండే శంకువు మీద, రాకెట్ బరువు తరగతితో కలిపి, '4యు, 20–28 పౌండ్లు' అన్న తరహాలో అచ్చు వేసేది అందుకే. అందులోని 28 చట్రం ఓర్చుకోగల హద్దు మాత్రమే. ఆటగాడికి అది సలహా ఏమీ కాదు.

షటిల్ తీగలను తాకి ఉండేది సెకనులో వెయ్యో వంతు లెక్కన చెప్పుకోవలసినంత కొద్ది సేపు. ఆ కాస్త సమయంలో దెబ్బలోని శక్తి రెండు చోట్లకు పంచుకుపోతుంది. కొంత తీగలను సాగదీస్తుంది, కొంత షటిల్ బిరడాను నొక్కి ఈకలను వంచుతుంది. తీగలు తాము తీసుకున్న దానిలో అధిక భాగం వెంటనే తిరిగి ఇచ్చేస్తాయి. బిరడా అలా కాదు, నొక్కుకుపోయినప్పుడు తీసుకున్న దానిలో చాలా భాగాన్ని వేడిగా పోగొట్టేస్తుంది. తీగలు వదులుగా ఉంటే అవి ఎక్కువగా సాగి, తిరిగి వచ్చే వాటా పెరుగుతుంది. బిగువుగా ఉంటే నొక్కుడంతా బిరడా మీదే పడి, పోయే వాటా పెరుగుతుంది. బిగిస్తే పవర్ వస్తుందని చాలా క్లబ్బుల్లో వినపడే మాట ఇక్కడే తలకిందులవుతుంది. బిగువు గట్ పవర్ ఇవ్వదు. పవర్ సొంతంగా ఉన్నవాడికి అడ్డు రాకుండా ఉంటుందంతే. ఆ నమ్మకానికి మూలం చెవిలో ఉంది. బిగించిన గట్ మీద స్మాష్ పడితే హాలంతా మోగుతుంది, ఆ మోతనే జనం వేగం అనుకుంటారు.

మరి కంట్రోల్ సంగతి? బిగువు తీగల మీద షటిల్ ఎక్కువ లోతుకు దిగదు, ఎక్కువ సేపు అంటుకొని ఉండదు. అది అంటుకొని ఉన్నంతసేపూ రాకెట్ ముఖం తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, ఆ సమయం తగ్గితే దిక్కులో తేడా కూడా తగ్గుతుంది. నెట్ దగ్గర షటిల్‌ను మెల్లగా తాకించి అవతలికి జార్చే డ్రిబుల్‌లో దీని సుఖం బాగా తెలుస్తుంది. వదులు గట్ మీద షటిల్ చిన్నగా ఎగిరిపడి నెట్‌కు జానెడు ఎత్తున తేలుతుంది, ఎదుటివాడికి అంతకన్నా కావలసిందేమీ లేదు. బిగువు గట్ మీద అది నెట్‌ను రాసుకుంటూ దిగిపోతుంది. ఇందులో పెద్దగా ఎవరూ చెప్పని కిటుకు ఒకటుంది. క్లబ్ ఆటగాడు కంట్రోల్ పెరిగిందని చెప్పేదానిలో చాలా భాగం, నిజానికి షటిల్ తక్కువ దూరం పోవడమే. మునుపు బయట పడే టాస్‌లు, అంటే వెనక గీత వైపు ఎత్తుగా కొట్టే దెబ్బలు, ఇప్పుడు లోపల పడుతున్నాయి. కోర్టు చివర దాకా కొట్టగలిగి, ఇంకా మిగులు బలం ఉన్నవాడికి ఇది లాభం. మామూలుగానే టాస్ వెనక గీత దాకా చేరనివాడికి ఇదే నష్టం.

ఆ నష్టం ఎంత అన్నదే అసలు ప్రశ్న. షటిల్ గాలికి విపరీతంగా లొంగుతుంది. ఎంత ఎత్తు నుంచి వదిలినా అది సెకనుకు 7 మీటర్ల లోపు వేగంతోనే కిందికి దిగుతుంది. అందుకే రాకెట్ వదిలేటప్పుడు వేగం కొద్దిగా పెరిగినా గాలి దాన్ని తినేస్తుంది. నడిమధ్యన తగిలిన టాస్‌లో మూడు నాలుగు పౌండ్ల తేడా వల్ల వేగం 5 శాతం మారిందని అనుకున్నా, దూరంలో తేడా ఒక జానకు మించదు. ఈ మాత్రానికి ఇంత చర్చ ఎందుకని ఎవరైనా అడగవచ్చు. తగిలిన ప్రతిదీ నడిమధ్యన తగిలితే నిజంగానే చర్చ అక్కరలేదు.

కానీ తగలదు. రాకెట్ మధ్యలో, కాస్త పై భాగాన, షటిల్ చక్కగా ఎగిరే చోటును స్వీట్ స్పాట్ అంటారు. తీగ మధ్యభాగం సులువుగా సాగుతుంది, చట్రానికి దగ్గరగా ఉన్న భాగం సాగదు. మొత్తం బిగించినకొద్దీ ఈ సాగే ప్రాంతం చిన్నదైపోతుంది. 22 పౌండ్ల దగ్గర చట్రానికి రెండు వేళ్ల దూరంలో తగిలినా షటిల్ ఎలాగో బయటపడుతుంది. 27 దగ్గర అదే దెబ్బ చెక్క మీద కొట్టినట్టుంటుంది. అక్కడ పోయేది 5 శాతం కాదు. వేగంలో పావు వంతు పోయిందనుకుంటే, వెనక గీత దగ్గర పడవలసిన టాస్ సుమారు మీటరు ముందే పడిపోతుంది. డబుల్స్‌లో ఆ మీటరే ఎదుటివాడి స్మాష్‌కు ఆహ్వానం. పైగా అలా తగిలిన ప్రతిసారీ అదురంతా మోచేతికి వెళ్తుంది. నలభై దాటిన వాళ్ల బ్యాచ్‌లో మోచేతికి పట్టీలు ఎందుకు కనిపిస్తాయో వెతికేటప్పుడు గట్ అంకెను కూడా ఒకసారి అడగడం మంచిది.

అంటే ఒక మనిషికి ఎంత బిగువు నప్పుతుందన్నది, అతను ఎంత గట్టిగా కొడతాడన్న దానికన్నా ఎంత తరచుగా ఒకే చోట తగిలిస్తాడన్న దాని మీద ఎక్కువ ఆధారపడి ఉంది. ఇది తెలుసుకోవడానికి కోచ్ అక్కరలేదు, తీగలే చెబుతాయి. తెల్లని గట్ వేయించి రెండు మూడు వారాలు ఆడాక రాకెట్‌ను కిటికీ వెలుగుకు అడ్డంగా పట్టుకొని చూడాలి. షటిల్ తగిలిన చోట తీగలు మాసి, నిలువూ అడ్డమూ కలిసే చోట్ల చిన్న గంట్లు పడి ఉంటాయి. బిరడా వ్యాసం 25 నుంచి 28 మిల్లీమీటర్లే. కాబట్టి కుదురుగా కొట్టేవాడి రాకెట్‌లో ఆ మరక పెద్ద నిమ్మకాయంత మేర, మధ్యకు కాస్త పైన కనిపిస్తుంది. అలాంటివాడు ఒక పౌండు పెంచుకోవచ్చు. మరక అరచేయంత పరచుకొని పై అంచు దాకా పాకి ఉంటే మాత్రం ఎంత ఇష్టమున్నా తగ్గించుకోవలసిందే. గట్ ఎప్పుడూ చట్రం అంచు పక్కనే తెగుతుంటే అదీ ఇదే కథ. దాన్ని గట్ నాసిరకమని సరిపెట్టుకుంటారు కానీ, తప్పు తగిలించిన చోటులో ఉంది.

ఇంతవరకూ 22, 27 అంటూ మాట్లాడుకున్నాం కానీ, ఆ అంకెలు నమ్మదగినవేనా అన్నది ఇంకో చిక్కు. సరిహద్దు జిల్లాల్లో ఇది మరీ ఎక్కువ. రాయగడ నుంచి రైలు పట్టాలు నేరుగా విజయనగరం మీదుగా విశాఖపట్నం వైపు దిగుతాయి, ఆ దారిన వెళ్లే బంధువు చేతికి రాకెట్ ఇచ్చి పంపితే రెండు మూడు రోజుల్లో తిరిగి వస్తుంది. తొందరైతే ఊళ్లోనే చేతి మరతో బిగించే మనిషి ఉంటాడు. రెండు చోట్లా 25 అనే చెబుతారు, కానీ రెండూ ఒకటి కావు. చేతితో తిప్పే మర, తీగ అనుకున్న బిగువుకు చేరగానే అక్కడే బిగుసుకుపోతుంది. నైలాన్ తీగ మాత్రం ఆ వెంటనే కొంచెం సాగి జారుతుంది, ఆ జారుడును మర సరిదిద్దదు. ఎలక్ట్రానిక్ మర తీగ జారినకొద్దీ మళ్లీ లాగుతూ, బిగింపు పట్టీ వేసేదాకా అదే బిగువు నిలుపుతుంది. అందుకే చేతిమర మీద 25 కు అలవాటుపడ్డ మనిషి ఎలక్ట్రానిక్ మర మీద 25 వేయించుకుంటే ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ వేసినట్టు అనిపిస్తుంది. షటిల్ ఎందుకు పోవడం లేదో అర్థం కాక రాకెట్‌నే తిట్టుకుంటాడు. దీనికి ఉపాయం చిన్నది. మర మారితే అంకె కూడా మార్చుకోవాలి, చేతనైతే మర మార్చకుండా ఉండాలి.

అడ్డతీగల అంకె కూడా అడిగి తెలుసుకోవలసిందే. '24–26' అని రాస్తే నిలువు 24, అడ్డం 26 అని అర్థం. ముందుగా బిగించే నిలువు తీగలు రాకెట్ తలను పైకీ కిందికీ నొక్కి పొట్టిగా, వెడల్పుగా చేస్తాయి. తరువాత అడ్డతీగలు పక్కల నుంచి లాగి ఆ ఆకారాన్ని తిరిగి తెస్తాయి. నిలువు తీగల మధ్య అల్లుకుంటూ పోయేటప్పుడు రాపిడిలో అడ్డతీగల బిగువు కొంత పోతుంది కూడా. ఆ రెండు పౌండ్లు అందుకు. ఇక ఒక తీగ తెగితే ఆ తీగ వరకే ముడివేసి లాగి ఇచ్చే పద్ధతి చిన్న ఊళ్లలో ఇంకా ఉంది. డబ్బు మిగులుతుంది, నిజమే. కానీ చట్రం మీద ఒక పక్క కొత్త బిగువు, మరో పక్క పాత వదులు ఉంటే అది వంకర తిరుగుతుంది, కొన్నిసార్లు బ్యాగ్‌లోనే చిట్లుతుంది. గట్ తెగిన వెంటనే మిగతా తీగలన్నిటినీ మధ్య నుంచి అంచుల వైపుకు కత్తిరించేయడమే చట్రానికి క్షేమం.

మర మీది అంకె సరిగానే ఉన్నా, అది ఆ గంటకే చెల్లుతుంది. కొత్త గట్ మొదటి ఒకటి రెండు రోజుల్లోనే, ఆడకుండా గోడకు తగిలించి ఉంచినా, సుమారు పదో వంతు బిగువు కోల్పోతుంది. ఆ తరువాత నెమ్మదిగా దిగుతూనే ఉంటుంది. ఎంత దిగిందో చెవితో, ఇంకా కచ్చితంగా కావాలంటే ఫోనుతో కనిపెట్టవచ్చు. రాకెట్ మధ్యలో వేలి గోటితో కొట్టి, వచ్చే స్వరం ఎన్ని హెర్ట్జ్‌లో ఫోనులోని శ్రుతి చూసే యాప్‌లో చూసి రాసుకోవాలి. బిగువు ఆ సంఖ్య వర్గాన్ని బట్టి మారుతుంది. మొదటి రోజు 1100, ఆరు వారాల తరువాత 1020 వచ్చిందనుకుందాం. 1020 ని 1100 తో భాగిస్తే 0.927, దాని వర్గం 0.86. అంటే బిగువులో 14 శాతం పోయింది, మొదటి రోజు 24 గా ఉన్నది 20.6 కు దిగింది. ఇలా పోల్చడం ఒకే రాకెట్‌కు, ఒకే గట్‌కు మాత్రమే చెల్లుతుంది. పక్కవాడి రాకెట్ స్వరంతో పోల్చుకుంటే లెక్క తప్పుతుంది.

బరంపురం వాతావరణం ఈ జారుడుకు తోడవుతుంది. సముద్రం పక్కనే ఉండటంతో గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది. నైలాన్ తేమను పీల్చుకొని మెత్తబడుతుంది, ఎండ తగిలితే ఇంకా త్వరగా సాగుతుంది. మే నెలలో స్కూటర్ డిక్కీలో మధ్యాహ్నమంతా పడి ఉన్న రాకెట్, సాయంత్రం కోర్టులోకి వచ్చేసరికి పొద్దున్న ఉన్న రాకెట్ కాదు. అయితే వేసవిలో టాస్‌లన్నీ బయటకు పోవడానికి గట్ ఒక్కటే కారణమని తీర్మానించి రెండు పౌండ్లు బిగించేయడం తొందరపాటు. వేడి గాలి పలచగా ఉంటుంది కాబట్టి షటిలే ఎక్కువ దూరం పోతుంది. కోరాపుట్ దీనికి మంచి ఉదాహరణ. ఆ ఊరు దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడి గాలి అదే ఉష్ణోగ్రత దగ్గర తీరంలోని గాలి కంటే సుమారు పదో వంతు పలచన. లెక్క వేస్తే, డిసెంబరు ఉదయం కోరాపుట్‌లో 10 డిగ్రీల చలిలో ఉండే గాలి, బరంపురంలో 40 డిగ్రీల ఎండలో ఉండే గాలి అంత పలచగా తేలుతుంది. స్వెటర్ వేసుకొని టోర్నమెంట్‌కు వెళ్లిన బరంపురం జోడీ, చలికి షటిల్ పోదనుకొని గట్టిగా కొట్టి మొదటి గేమ్‌లో గీతలు దాటిస్తుంటే కారణం ఇదే. ఇక్కడ మార్చవలసింది షటిల్ వేగం. ఈకల షటిళ్లలో 77 అంకె ఉన్నదాని బదులు నెమ్మదిగా పోయే 76 గానీ 75 గానీ తీసుకోవాలి. నైలాన్ షటిల్ అయితే నీలం పట్టీ బదులు ఆకుపచ్చ పట్టీది. గట్ జోలికి పోనక్కరలేదు.

ఇదంతా ఒక మనిషి మీద పెట్టి చూద్దాం. బరంపురంలో ఉదయం ఐదున్నర బ్యాచ్‌లో డబుల్స్ ఆడే నలభై మూడేళ్ల వ్యక్తి అనుకుందాం. వారానికి నాలుగు రోజులు ఆట, 0.65 మిల్లీమీటర్ల సన్న గట్, 27 పౌండ్లు. స్మాష్ బాగా మోగుతుంది. కానీ వెనక మూలల్లోకి తోస్తే టాస్ సగంలోనే దిగిపోతుంది, గట్ నెల తిరగకుండానే పై అంచు దగ్గర తెగుతుంది. మరక చూస్తే అరచేయంత ఉంది.

అలాంటి మనిషి అదే రకం రాకెట్లు ఇంకో రెండు అరువు తెచ్చుకొని, ఒకే మర మీద, ఒకే గట్‌తో ఒకటి 27 కు, ఒకటి 24 కు, ఒకటి 22 కు బిగించుకున్నాడు. మూడింటి పిడి అడుగున మాత్రమే గుర్తు పెట్టి, ఏది ఏదో తనకు తెలియకుండా జోడీదారుతో అందించుకున్నాడు. జోడీదారు ముందు నుంచి వెనక మూలకు లిఫ్ట్ చేస్తుంటే, ఒక్కో రాకెట్‌తో ఇరవై టాస్‌లు కొట్టాడు. దూరం కొలవడానికి టేపు అక్కరలేదు. వెనక గీతకు 76 సెంటీమీటర్ల లోపల డబుల్స్ సర్వీస్ గీత ఎలాగూ ఉంది. ఆ రెండు గీతల నడుమ పడ్డవి మంచివి, ముందు పడ్డవి పొట్టివి, దాటినవి అవుట్. 27 తో మంచివి 6, పొట్టివి 13, అవుట్ 1. 24 తో మంచివి 12, పొట్టివి 5, అవుట్ 3. 22 తో మంచివి 11, పొట్టివి 2, అవుట్ 7 అనుకుందాం.

మంచివాటిని మాత్రమే లెక్కపెడితే 24 కూ 22 కూ పెద్ద తేడా లేదు. తేడా తప్పుల్లో ఉంది. 27 లో తప్పులు ఒక్కటి తప్ప అన్నీ పొట్టివి, అంటే గట్ సాయం చాలక పోయినవి. 22 లో తప్పులు ఎక్కువగా బయటకు పోయినవి, అంటే సాయం ఎక్కువైనవి. 24 దగ్గర తప్పులు రెండు వైపులా పడ్డాయి. గట్ ఏ ఒక్క వైపుకూ తోయడం లేదన్న గుర్తు అదే. ఇక మిగిలినవి అతని సొంత తప్పులు, వాటిని ఏ మరా సరిచేయలేదు. ఫలితం దీనికి భిన్నంగా వచ్చి 24 లోనూ పొట్టివే ఎక్కువైతే 23 కు దిగాలి. ఇలా పక్కపక్కన పోల్చుకోకుండా మార్చేటప్పుడు ఒక్కో పౌండు చొప్పునే మార్చాలి, ఒకేసారి మూడు మారిస్తే చేయి అలవాటు పడేలోపు ఏది దేనివల్లో తేలదు.

24 కు దిగాక అతనికి మిగిలే ఫిర్యాదు ఒకటే, మోత తగ్గిందని. నవ్వుకోవలసిన ఫిర్యాదేమీ కాదు, తగిలిన చోటు గురించి చెవికి అందే కబురు కూడా ఆటలో భాగమే. సన్న గట్ తక్కువ బిగువులోనూ లావు గట్ కన్నా పదునుగా మోగుతుంది కాబట్టి, 0.65 నే ఉంచుకోవడం ఒక దారి. మన్నిక కావాలంటే 0.70 కు మారి, మందకొడి చప్పుడుకు రాజీ పడటం ఇంకో దారి. అంచు దగ్గర తెగడం తగ్గింది కనుక అతను సన్నదానికే ఓటు వేశాడని అనుకుందాం. శంకువు మీద చిన్న టేపు ముక్క అతికించి '24–26, ఎలక్ట్రానిక్, 1100' అని, కింద తేదీ రాసుకున్నాడు. వానాకాలం మొదలయ్యాక ఒక ఉదయం గోటితో కొడితే ఫోను 1030 చూపించింది. ఆ వారం అతని టాస్‌లు మళ్లీ గీత దాటడం మొదలుపెట్టాయి.